పొందూరు ఖద్దరుతో బ్లేజర్ ఎందుకు కుదరదు?

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్

బాబూ,

బ్లేజర్‌కని నువ్విచ్చిన పొందూరు ఖద్దరు ఇంకా కత్తిరించలేదు. మీ తాతగారు శ్రీకాకుళం నుంచి తెచ్చిన బట్ట. కత్తెర పడ్డాక చేసేదేమీ ఉండదు. అందుకే ముందు ఈ ఉత్తరం.

ఒంటికి పట్టినట్టుండే బ్లేజర్‌లో అసలు పని భుజం దగ్గరుంది. చేతి పైఅంచును టేపుతో కొలిస్తే, అది కలవాల్సిన చంక గుండ్రం కంటే అంగుళం పైగానే ఎక్కువుంటుంది. కావాలనే అలా కత్తిరిస్తాం. భుజం గుండ్రంగా ఉంటుంది కదా, దానిమీద బట్ట కూడా బోర్లించిన గిన్నెలా ఉబ్బాలి. ఆ ఎక్కువ బట్టను సన్నటి కుట్లతో దగ్గరికి లాగి, ఆవిరి ఇస్త్రీ చేస్తాం. ఉన్ని పోగు సహజంగా వంకీలు తిరిగి ఉంటుంది. తడీ వేడీ తగిలితే కుంచించుకుని, చల్లారాక ఆ ఆకారంలోనే నిలుస్తుంది. నూలు పోగుకు ఆ గుణం లేదు.

నమ్మకం కోసం ఇలాంటి పలచటి నూలు ముక్కతో ఒక చేయి ఎక్కించి చూశాను. ఎంత ఇస్త్రీ చేసినా భుజం చుట్టూ చిన్న చిన్న కుచ్చులు మిగిలాయి. వెనక కాన్వాస్ అంటిస్తే బిరుసెక్కి, ఖద్దరు మెత్తదనమే పోతుంది.

నువ్వే చూడు: బట్టను గుప్పిట్లో నలిపి వదులు. ఉన్ని మెల్లగా విచ్చుకుంటుంది, ఖద్దరు ముడతలు పట్టే ఉంటుంది.

దీంతో వదులు చొక్కా కుట్టనా? చొక్కా చేతికి ఆ అదనపు బట్ట దాదాపు అక్కర్లేదు. బ్లేజర్‌కి ఉన్ని కలిసిన బట్ట తెచ్చుకో. నీ కొలతలు నా దగ్గరే ఉన్నాయి.

మీ టైలర్