మరుపు ఎక్కడిదాకా మామూలు?

భార్యాభర్తలిద్దరు జ్ఞాపకశక్తి చూపించుకోవడానికి న్యూరాలజిస్టు దగ్గరికి వచ్చారనుకుందాం. ఆయనకు 71 ఏళ్లు, రిటైరైన లెక్కల మాస్టారు. ఆవిడకు 67. ముందు ఆవిడే తన బాధ చెప్పుకుంది. వంటింట్లోకి వెళ్లాక ఎందుకొచ్చానో గుర్తుండటం లేదట. మొన్న పెళ్లిలో కనిపించిన తోటికోడలి చెల్లెలి పేరు ఎంతకీ నోటికి రాక, ఇంటికొచ్చాక తట్టిందట. కళ్లజోడు కోసం రోజూ వెతుకులాటేనట. మాస్టారిని అడిగితే, "నాకేం లేదండీ, అందరికీ ఉండే మతిమరుపే" అనేశారు.

డాక్టరు ఆలోచనంతా మాస్టారి వైపే మళ్లుతుంది. ఆవిడ ఎప్పుడు, ఎక్కడ, ఏం మరిచిపోయిందో వివరంగా చెప్పగలిగింది. అంటే ఆ మరుపులన్నీ ఆవిడకు గుర్తున్నాయి. అల్జీమర్స్ జబ్బు మొదలైనవాళ్లలో చాలామందికి తాము మరిచిపోతున్న సంగతే తెలియదు. అందరూ ఇలాగే ఉంటారని కాదు, తొలిదశలో తమ తేడాను తామే పసిగట్టేవాళ్లూ ఉంటారు. అందుకే రోగి మాట ఒక్కటే విని డాక్టరు ఊరుకోరు. ఇంట్లో కలిసి ఉండే మనిషిని, వీలైతే విడిగా కూర్చోబెట్టి అడుగుతారు.

మాస్టారి కొడుకు చెప్పింది వేరు. ఏడాదిన్నరగా నాన్న ఒకే ప్రశ్నను అరగంటలో మూడు నాలుగుసార్లు అడుగుతున్నారు, అడిగానన్న సంగతే ఆయనకు తెలియడం లేదు. పాలవాడికి ఒకే నెలలో రెండుసార్లు డబ్బులిచ్చారు. మేనకోడలి గృహప్రవేశానికి వెళ్లొచ్చిన వారానికే "మనం వెళ్లలేదుగా" అన్నారు. ఆ ఫంక్షన్లో ఎవరు ఏ చీర కట్టుకున్నారో మరిచిపోవడం వేరు, ఫంక్షనే మరిచిపోవడం వేరు. మొదటిది ఏ వయసులోనైనా జరిగేదే. రెండోది పదేపదే జరుగుతుంటే వయసు మీద వేసి వదిలేయకూడదు.

తర్వాత పరీక్ష. ఒకదానితో ఒకటి సంబంధం లేని అయిదు మాటలు చెబుతారు: గొడుగు, నిమ్మకాయ, దర్జీ, చెరువు, కిటికీ. వెంటనే తిరిగి చెప్పమంటారు, మళ్లీ ఒకసారి చెప్పిస్తారు. తర్వాత కాసేపు వేరే పనిలో పెడతారు. వందలోంచి ఏడు చొప్పున తీసివేయమంటారు, గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమంటారు. అయిదు నిమిషాలయ్యాక "ఇందాక చెప్పిన మాటలేంటండీ?" అని అడుగుతారు.

ఆవిడకు మూడే వచ్చాయి. "ఒకటి పుల్లటి కాయ" అని డాక్టరు అందించగానే "ఆ, నిమ్మకాయ" అంది. "ఒకరి వృత్తి" అనగానే దర్జీ వచ్చేసింది. మాస్టారికి గొడుగు ఒక్కటే వచ్చింది. పుల్లటి కాయ అంటే "చింతకాయ" అన్నారు. నిమ్మ, ఉసిరి, మామిడి అని మూడు పేర్లు చెప్పి వాటిలో ఏదో ఎంచుకోమంటే మామిడి అన్నారు. వృత్తి అంటే "మీరు అలాంటిదేం చెప్పలేదే" అన్నారు. లెక్కలు మాత్రం ఒక్క తప్పు లేకుండా చేశారు.

న్యూరాలజిస్టు చూసేది ఎన్ని మాటలు వచ్చాయన్నది మాత్రమే కాదు, రానివి ఎలా పోయాయన్నది కూడా. బీరువాలో పెట్టిన వస్తువు వెంటనే దొరక్కపోతే, ఏ అరలో ఉందో ఎవరైనా చెబితే దొరుకుతుంది. అసలు పెట్టనే లేదనుకోండి, ఎవరు ఎంత చెప్పినా దొరకదు. వయసు పెరిగేకొద్దీ వెతికి తీయడం నెమ్మదిస్తుంది. కాస్త ఆసరా ఇస్తే జ్ఞాపకం పైకి వస్తుంది. అల్జీమర్స్‌లో మాత్రం కొత్త సంగతి లోపలికి చేరి నిలవడమే దెబ్బతింటుంది. కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ అనే భాగం, దాని పక్కనున్న పొరలు మెదడులో ముందుగా దెబ్బతినేవాటిలో ఉండటమే దీనికి కారణం.

కుటుంబాలు మోసపోయేదీ ఇక్కడే. "నలభై ఏళ్ల కిందటి సంగతులు పూసగుచ్చినట్టు చెబుతారు, ఆయనకు మతిమరుపేంటి?" అంటారు. ఎప్పుడో స్థిరపడిన పాత జ్ఞాపకాలకు హిప్పోకాంపస్ అవసరం తక్కువ. కాబట్టి చిన్ననాటి కబుర్లు బాగా చెప్పినంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. నిన్న రాత్రి ఏం తిన్నారు, పొద్దున ఎవరొచ్చి వెళ్లారు అని అడిగితే అసలు తేడా బయటపడుతుంది.

మార్కులతోనే డిమెన్షియా అని తేల్చరు. సొంతంగా చేసుకునే పనులు దెబ్బతిన్నాయా అన్నది చూస్తారు: డబ్బు లెక్కలు, మందులు వేసుకోవడం, తెలిసిన దారిలో ఒంటరిగా వెళ్లి రావడం, ఫోను వాడటం. మన ఇళ్లలో దీన్ని పట్టుకోవడం కష్టం. మాత్రలు భార్య చేతిలో పెడుతుంది, బ్యాంకు పని కొడుకు చూసుకుంటాడు, కాబట్టి లోటు కనిపించదు. అందుకే డాక్టర్లు "ఇదివరకు ఆయనే చేసి ఇప్పుడు మానేసిన పనులేమిటి?" అని అడుగుతారు. మాస్టారు ఏళ్లుగా తానే చూసుకున్న పెన్షన్ లెక్క ఏడాదిగా ముట్టుకోవడం లేదని అప్పుడు తెలిసింది. పరీక్షలో వెనకబడినా పనులన్నీ సొంతంగా చేసుకోగలిగితే దాన్ని స్వల్ప జ్ఞాన లోపం అంటారు. ఆ దశలో ఉన్నవాళ్లందరికీ డిమెన్షియా రాదు. కొందరు అలాగే ఉండిపోతారు, కొందరు మెరుగవుతారు కూడా.

ఈ పరీక్షలకూ పరిమితులున్నాయి. బడికి వెళ్లని మనిషిని గడియారం గీయమంటే, వందలోంచి ఏడు తీసేయమంటే జబ్బు లేకున్నా మార్కులు తగ్గుతాయి. బాగా చదువుకున్న మాస్టారికి తొలిదశలో మంచి మార్కులే రావచ్చు. అందుకే చదువును బట్టి, భాషను బట్టి పరీక్షలు మార్చుకోవాలి. ఐసీఎంఆర్ రూపొందించిన పరీక్షల సంపుటి తెలుగుతో సహా అయిదు భారతీయ భాషల్లో ఉంది. చెవి సరిగా వినపడకపోయినా మాటలు లోపలికి చేరవు, అది మరుపులా కనిపిస్తుంది. దిగులుతో కుంగిపోయిన మనిషి ప్రయత్నించకుండానే "తెలియదు" అంటాడు. అల్జీమర్స్ ఉన్న మనిషి తరచుగా ఏదో ఒక జవాబు చెప్పి సర్దుకుపోతాడు.

చికిత్సతో తగ్గే కారణాలనూ వెతుకుతారు. బి12 విటమిన్, థైరాయిడ్, సోడియం కోసం రక్తపరీక్ష చేస్తారు. తలకు స్కానింగ్ తీసి, పాత పక్షవాతపు మచ్చలు, నీరు చేరడం, ఎప్పుడో పడినప్పుడు పుర్రె లోపల పేరుకున్న రక్తం ఉన్నాయేమో చూస్తారు. నిద్రమాత్రలు, కొన్ని జలుబు మాత్రలు, మూత్రం ఆపుకోలేనివాళ్లకు ఇచ్చే కొన్ని మందులు కూడా పెద్దవాళ్ల బుర్రను మందగింపజేస్తాయి. కాబట్టి వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రలన్నీ, కళ్లజోడు, చెవి మెషీన్ తీసుకెళ్లండి. ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో రెండు మూడు సంఘటనలు కాగితం మీద రాసుకోండి.

ఒక్కసారి చూసి తేలనివాళ్లను ఆరు నెలలకో, ఏడాదికో మళ్లీ రమ్మంటారు. ఏ వయసులోనైనా ఒకసారి మార్కులు తగ్గడం కన్నా, తన పాత మార్కుల కన్నా తాను ఎంత జారాడన్నదే ఎక్కువ చెబుతుంది. ఒక్క విషయంలో మాత్రం అంత ఆగకూడదు. మనిషి రెండు మూడు రోజుల్లోనే తికమకపడి, మనుషులను పోల్చుకోలేక, పగలూ రాత్రీ తేడా తెలియకుండా అయిపోతే అది మెల్లగా వచ్చే అల్జీమర్స్ తీరు కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం, తలలో రక్తస్రావం లాంటివి కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.