కేటలాగు చెప్పనిదీ పట్టికలో రాయాలి

బోరుకు కొత్త మోటారు కొనాలనుకునే రైతు ముందు డీలరు మూడు నాలుగు కంపెనీల కాగితాలు పెడతాడు. అన్నింటి మీదా అయిదు హార్స్‌పవర్ అనే ఉంటుంది. కానీ ఒకరు హెడ్డును అడుగుల్లో ఇస్తే మరొకరు మీటర్లలో ఇస్తారు. నీళ్లను ఒకరు నిమిషానికి లీటర్లలో చెబితే ఇంకొకరు గంటకు లీటర్లలో చెబుతారు. పక్కపక్కన పెట్టి చూసినా ఏది మనకు పనికొస్తుందో తెలియదు. చివరికి ధర, డీలరు మాట, పక్క పొలంలో ఏది నడుస్తోందన్న కబురు, ఈ మూడింటి మీదే బేరం తేలిపోతుంది. ఒక పూట కూర్చుని ఆ కాగితాలను ఒకే పట్టికలోకి దించితే ఇంతకంటే మంచి నిర్ణయం తీసుకోవచ్చు. అయితే కాగితాల కంటే ముందు బోరు దగ్గర మొదలుపెట్టాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బోరు ఆరున్నర అంగుళాలు. మోటారు నడుస్తున్నప్పుడు నీటిమట్టం 220 అడుగుల లోతున నిలుస్తుంది, అంటే 67 మీటర్లు. పైన డ్రిప్పుకు చదరపు సెంటీమీటరుకు 1.2 కిలోల ఒత్తిడి కావాలి. అది 12 మీటర్ల ఎత్తుతో సమానం. పైపుల్లో, ఫిల్టరులో రాపిడికి పోయేది 11 మీటర్లు అనుకుందాం. మొత్తం హెడ్డు 90 మీటర్లయింది. ఇక నీళ్లు. ఊళ్లో బోరు నీళ్లను అంగుళాల్లో చెప్పుకుంటాం గానీ ఆ కొలత పట్టికకు పనికిరాదు. పాత మోటారు నడుస్తుండగా 200 లీటర్ల డ్రమ్ము పెట్టి చూస్తే వంద సెకన్లలో నిండింది. అంటే నిమిషానికి 120 లీటర్లు. మట్టం నిలకడగా ఉన్నప్పుడే ఇలా కొలవాలి.

కాబట్టి ప్రతి కాగితాన్నీ మనం అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: 90 మీటర్ల హెడ్డు దగ్గర నువ్వు ఎన్ని నీళ్లు పోస్తావు? కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకెతో మనకు పని లేదు.

నాలుగు కంపెనీలను ఎ, బి, సి, డి అందాం. అంకెలు ఉదాహరణకు తీసుకున్నవే అయినా, ఇలాంటి కాగితాలు ఏ దుకాణంలోనైనా కనిపిస్తాయి. ఎ కాగితంలో హెడ్డుకు ఎదురుగా నీళ్లు చూపే చార్టు ఉంది. 90 మీటర్ల దగ్గర 130 లీటర్లని నేరుగా దొరుకుతుంది. బి కాగితంలో 295 అడుగులకు గంటకు 7,500 లీటర్లని ఉంది. అడుగులను 3.28తో, గంట లెక్కను 60తో భాగిస్తే 90 మీటర్లకు 125 లీటర్లు వస్తుంది. డి కాగితంలో గ్రాఫు మాత్రమే ఉంది. స్కేలు పెట్టి చూస్తే సుమారు 132. కంటితో చదివిన అంకె కాబట్టి పక్కన ‘సుమారు’ అని రాసుకోవాలి. గ్రాఫులో గీత మందమే రెండు మూడు లీటర్లు మింగేస్తుంది.

సి కాగితం దగ్గర ఆగాలి. దాని మీద ‘హెడ్డు 150 మీటర్ల వరకు, నీళ్లు 300 లీటర్ల వరకు’ అని ఉంది. చదివితే అన్నింటికంటే గట్టి మోటారు ఇదేననిపిస్తుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. సెకనుకు లీటర్లను హెడ్డు మీటర్లతో, ఆపైన 9.81తో గుణించి వెయ్యితో భాగిస్తే నీటిని ఎత్తడానికి కావలసిన శక్తి కిలోవాట్లలో వస్తుంది. నిమిషానికి 300 లీటర్లంటే సెకనుకు 5. అయిదును 150తో, 9.81తో గుణించి వెయ్యితో భాగిస్తే 7.36 కిలోవాట్లు. అయిదు హార్స్‌పవర్ మోటారు ఇచ్చేదే 3.7 కిలోవాట్లు. కాబట్టి ఆ రెండు అంకెలూ ఒకేసారి రావడం అసాధ్యం. హెడ్డు పెరిగేకొద్దీ నీళ్లు తగ్గుతాయి. ఒక కొస నుంచి హెడ్డును, ఇంకో కొస నుంచి నీళ్లను తెచ్చి ఒకే వాక్యంలో పెట్టారు. పైగా ఇలాంటి వాక్యం చాలాసార్లు ఒక మోటారుది కాక మొత్తం సిరీస్‌ది. ఎక్కువ స్టేజీలున్న మోడల్ హెడ్డునిస్తే, తక్కువ స్టేజీలున్నది నీళ్లనిస్తుంది. అందుకే ఆ రెండు కొసల మధ్య గీత గీసి 90 దగ్గర ఇంత వస్తుందని ఊహించకూడదు. ఆ గడిలో ‘లేదు’ అనే రాయాలి.

తక్కిన వరసలూ నింపితే పట్టిక ఇలా ఉంటుంది:

| వివరం | ఎ | బి | సి | డి |
|---|---|---|---|---|
| 90 మీ. దగ్గర నీళ్లు (నిమిషానికి లీటర్లు) | 130 | 125 | లేదు | 132 సుమారు |
| మొత్తం సామర్థ్యం (శాతం) | 42 | 39 లెక్క | లేదు | వేరు: పంపుది 58 |
| వోల్టేజి పరిధి | 300–440 | లేదు | 350–440 | 300–440 |
| గరిష్ఠ వ్యాసం (మి.మీ.) | 144 | 143 | 145 | లేదు |

ఖాళీ గడి ఒక్కటీ లేదని గమనించండి. ఖాళీ వదిలితే కాగితంలో వెతికి దొరకలేదో, అసలు వెతకలేదో వారం తర్వాత మనకే గుర్తుండదు. అడ్డగీత పెడితే సున్నా అనో, ఆ మోటారుకు అది వర్తించదనో ఇంకొకరు అనుకుంటారు. అందుకే కాగితం చెప్పకపోతే ‘లేదు’, మనం లెక్కగడితే ‘లెక్క’, కంటితో చదివితే ‘సుమారు’, కొలిచిన పద్ధతి వేరైతే ‘వేరు’.

బి కాగితం సామర్థ్యం చెప్పలేదు, కానీ ఆ హెడ్డు దగ్గర 4.7 కిలోవాట్ల కరెంటు తీసుకుంటుందని చెప్పింది. 125 లీటర్లను 90 మీటర్లు ఎత్తడానికి నికరంగా 1.84 కిలోవాట్లు చాలు. దాన్ని 4.7తో భాగిస్తే 39 శాతం. ఇలా కాగితంలోని అంకెల నుంచే పుట్టిన అంకెను గడిలో పెట్టుకోవచ్చు.

డి చెప్పిన 58 శాతం అలాంటిది కాదు. అది పంపు ఒక్కదాని సామర్థ్యం. మోటారులో పోయే కరెంటు అందులో లేదు. ఎ చెప్పిన 42 పంపూ మోటారూ కలిపిన లెక్క. మోటారు సామర్థ్యం 75 శాతమైతే డి మొత్తం సామర్థ్యం 43.5 అవుతుంది, 65 శాతమైతే 38కి దిగిపోతుంది. ఆ 75 గానీ 65 గానీ కాగితంలో లేవు కాబట్టి ఏదో ఒకటి మనమే వేసుకోకూడదు. పట్టికలో అన్నింటికంటే ప్రమాదకరమైన గడి ఇదే అంటాను. లేని అంకెను ఎవరైనా గుర్తుపడతారు. వేరే కొలతలో ఉన్న అంకె మాత్రం పక్కవాటితో కలిసిపోయి అందరికంటే ముందు నిలబడుతుంది.

డి వ్యాసం గడిలో ‘లేదు’ ఎందుకంటే, కాగితం ‘ఆరు అంగుళాల బోరుకు’ అని మాత్రమే అంది. అది బోరు సైజు. కేబులు గార్డుతో కలిపి మోటారు ఎంత లావుంటుందన్నది వేరే సంగతి, లోపల కేసింగు కాస్త వంగి ఉన్నచోట ఆ తేడా బయటపడుతుంది.

ఇప్పుడు పట్టికను అడ్డంగా చదవండి. నీళ్ల వరసలో ఎ, బి, డి మధ్య తేడా ఏడు లీటర్లే. మనకు కావలసిన 120ని మూడూ దాటాయి కాబట్టి ఆ తేడాను బట్టి ఎంచుకోవడంలో అర్థం లేదు. రాత్రిపూట కరెంటు 320 వోల్టులకు పడిపోయే లైను మీద ఉన్న రైతుకు అసలు తీర్పు వోల్టేజి వరసలో ఉంది. సి ఆ ఒక్క కారణంతోనే పక్కకు పోతుంది. దాని నీళ్ల గడి నింపడానికి ఇక శ్రమపడనక్కర్లేదు. బిని మాత్రం అడగాలి: ఎన్ని వోల్టుల వరకు నడుస్తుంది, ఆ వోల్టేజి దగ్గర నీళ్లు ఎన్ని తగ్గుతాయి? చార్టులోని అంకెలు మామూలుగా 415 వోల్టుల దగ్గరివి కాబట్టి రెండో ప్రశ్న ఎ, డి కంపెనీలకూ వెయ్యాలి. డికి మోటారు సామర్థ్యం, గరిష్ఠ వ్యాసం అనే మరో రెండు ప్రశ్నలున్నాయి. అడిగేటప్పుడు సిరీస్ పేరుతో సరిపెట్టక స్టేజీల సంఖ్యతో సహా పూర్తి మోడల్ నంబరు చెప్పాలి. జవాబు ఫోనులో వస్తే గడిలో అంకె పక్కన ‘ఫోను’ అనీ తేదీ వేసి, అదే మాట కాగితం మీద పంపమని కోరాలి. వచ్చాక ఆ రెండు అక్షరాలూ కొట్టేయవచ్చు.