ఫోన్ ఎత్తకపోతే ఏం రాయాలి?

వేలి కొసన తీసిన నాలుగు చుక్కల నెత్తురుతోనే పరీక్షలన్నీ చేసేస్తామని చెప్పుకున్న అమెరికా కంపెనీ థెరానోస్ బండారాన్ని 2015 అక్టోబరులో ‘వాల్ స్ట్రీట్ జర్నల్’ విలేకరి జాన్ కారీరూ బయటపెట్టారు. అచ్చు వేసేముందు కంపెనీ అధిపతి ఎలిజబెత్ హోమ్స్‌తో మాట్లాడాలని ఆయన నెలల తరబడి అడిగారు. ఆమె ఒప్పుకోలేదు. ఆమె బదులు పేరుమోసిన న్యాయవాది డేవిడ్ బోయిస్ తన బృందంతో పత్రిక ఆఫీసుకే వచ్చారు.

కారీరూ ముందుగానే ప్రశ్నలు రాసి పంపారు. ‘మీ కంపెనీపై ఆరోపణలున్నాయి, ఏమంటారు?’ అని గాల్లో అడిగితే జవాబూ గాల్లోనే ఉంటుంది. ‘మీ సొంత యంత్రం మీద చేస్తున్న పరీక్షలెన్ని? మిగతావి బయట కొన్న మామూలు యంత్రాల మీద చేస్తున్నారా?’ అని సూటిగా అడిగితేనే అవతలివాళ్లకు తమపై ఏం రాయబోతున్నారో తెలుస్తుంది. చాలా ప్రశ్నలకు కంపెనీ వ్యాపార రహస్యమంటూ తప్పించుకుంది. అయినా, సొంత యంత్రాన్ని ఇంకా అన్ని పరీక్షలకూ వాడటం లేదని బోయిస్ ఒప్పుకున్నారు. కథనంలో ఆ మాట వచ్చింది, హోమ్స్ ఇంటర్వ్యూకు నిరాకరించారన్న సంగతీ వచ్చింది.

నిరాకరించడాన్ని నేరం ఒప్పుకోవడంగా రాయకూడదు. కోర్టులో కేసు ఉండొచ్చు, లాయరు నోరు మెదపొద్దని ఉండొచ్చు. మన పత్రికల్లో తరచూ కనిపించే ‘వివరణ కోరగా అందుబాటులోకి రాలేదు’ అన్న వాక్యం చాలాసార్లు అన్యాయమే చేస్తుంది. రాత్రి తొమ్మిదింటికి ఒక్కసారి ఫోన్ చేసి, పదింటికి పేజీ పంపేస్తే ఆ మనిషి అందుబాటులో లేనట్టా? ‘సోమవారం ఈమెయిల్‌లో ప్రశ్నలు పంపాం, గురువారం దాకా జవాబు రాలేదు’ అని రాస్తే ఎంత గడువిచ్చారో పాఠకుడికే తెలిసిపోతుంది. ‘మాట్లాడనన్నారు’ అంటే ప్రశ్న చేరిందని అర్థం. ‘జవాబు రాలేదు’ అంటే అదీ చెప్పలేం. ఆరోపణ మొదటి పేజీలో, ఈ వాక్యం లోపలి పేజీ అడుగున ఉంటే అడిగీ ప్రయోజనం లేదు.

మనిషి పలకనంత మాత్రాన ఆయన వాదన లేదనుకోకూడదు. ఐర్లండ్ ప్రధాని ఆల్బర్ట్ రేనాల్డ్స్ 1994లో పదవి వదులుకుంటూ తన వివరణను పార్లమెంటులోనే ఇచ్చారు. ఆ వారమే ఆయన పార్లమెంటును తప్పుదోవ పట్టించారంటూ లండన్ ‘సండే టైమ్స్’ రాసిన కథనంలో ఆ వివరణ లేదు. పరువునష్టం కేసు బ్రిటన్ అత్యున్నత న్యాయపీఠం దాకా వెళ్లింది. ప్రజాప్రయోజనం కోసం బాధ్యతగా రాసే పత్రికలకు రక్షణ ఉంటుందని 1999లో ఆ పీఠం చెప్పింది. అవతలివాళ్లను అడిగారా, వాళ్ల వాదన సారాంశమైనా ఇచ్చారా అన్నవాటినీ అందుకు లెక్కలోకి తీసుకోవాలంది. ‘సండే టైమ్స్’కు మాత్రం ఆ రక్షణ దక్కలేదు.