రెండో బ్రాంచికి ముందు నాలుగు పేజీలు

పాత హోటళ్లలో గల్లా పెట్టె వెనక గోడ మీద ఒక బోర్డు కనిపిస్తుంటుంది: ‘మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు’. పేరు కాజేసేవాళ్ల గురించి కస్టమర్లకు చేసే హెచ్చరిక అది. చాలామంది యజమానులకు అదే వ్యాపార సూత్రం కూడా. మరోవైపు 1953లో సికింద్రాబాద్‌లో సినిమా హాలు దగ్గర చిన్నగా మొదలైన ప్యారడైజ్ ఇవాళ ఎన్నో నగరాల్లో బిర్యానీ అమ్ముతోంది. కాకినాడ సుబ్బయ్య హోటల్ బుట్ట భోజనం హైదరాబాద్ దాకా వచ్చింది. కిటకిటలాడే హోటల్ యజమానిని ఎవరో ఒకరు ‘ఇంకోటి పెట్టొచ్చుగా’ అని అడుగుతూనే ఉంటారు.

ఆ ప్రశ్నకు జవాబును కాగితం మీద పెట్టే పని సాధారణంగా మేనేజరుది. రోజువారీ సరుకు, జీతాలు, బిల్లులు అన్నీ చూసేది ఆయనే. యజమానులకు ఆయన రాసే ప్రతిపాదన నాలుగు పేజీలు దాటనక్కర్లేదు. ఆ పేజీల్లో ఏముండాలో తెలియడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. హోటల్ ఊహించినదే, అంకెలూ లెక్క కోసం వేసుకున్నవే. లెక్క కట్టే పద్ధతి మాత్రం ఈ రంగంలో నడిచేదే.

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక వెజిటేరియన్ హోటల్ ఉందనుకుందాం. ముగ్గురు అన్నదమ్ములు భాగస్థులు. నెలకు జీఎస్టీ కాకుండా 30 లక్షల అమ్మకం, ఖర్చులు పోను 5 లక్షల మిగులు. కృష్ణకు అవతల, పన్నెండు పదమూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న మంగళగిరిలో 60 సీట్ల బ్రాంచి పెడదామని మేనేజరు రాస్తున్నాడు. ఎయిమ్స్ ఆస్పత్రి, జాతీయ రహదారి, చుట్టూ వచ్చిన అపార్ట్‌మెంట్లు ఆయన చూపించే కారణాలు.

సీట్లు నిండవు

మొదటి పేజీలోనే చాలామంది పొరపాటు చేస్తారు. ‘పాత హోటల్లో సగం అమ్మినా 15 లక్షలు వస్తాయి’ అని రాసేస్తారు. అది లెక్క కాదు, ఆశ. కొత్త చోట అమ్మకాన్ని సీటు దగ్గర నుంచి కట్టుకుంటూ రావాలి.

అరవై సీట్లున్నంత మాత్రాన అరవై మంది కూర్చోరు. నలుగురి టేబుల్ దగ్గర ఇద్దరు కూర్చుంటే మిగతా రెండు కుర్చీలు ఖాళీయే. అందుకే 70 శాతం, అంటే ఒక రౌండుకు 42 మంది అని పట్టుకోవాలి. పొద్దున టిఫిన్‌కు మూడు రౌండ్లు, తలకు 90 రూపాయలు. మధ్యాహ్న భోజనానికి రెండు రౌండ్లు, తలకు 160. సాయంత్రం రెండున్నర రౌండ్లు, తలకు 100. అంతా కలిపితే రోజుకు 35 వేల పైచిలుకు. పార్సిళ్లు, యాప్ ఆర్డర్లు కలుపుకుంటే 45 వేలు. నెలకు పదమూడున్నర లక్షలు.

ఈ అంకెలు నమ్మదగినవో కాదో తేల్చుకోవడానికి ఒక సులువైన పని ఉంది. మేనేజరు ఆ వీధిలో నడుస్తున్న హోటల్ ఎదుట మామూలు రోజు ఒకసారి, ఆదివారం ఒకసారి పొద్దున ఏడు నుంచి పది దాకా నిలబడి, లోపలికి వెళ్లేవాళ్లను లెక్కపెట్టాలి. పాత హోటల్లో టోకెన్ కొన్నప్పటి నుంచి చెయ్యి కడుక్కునే దాకా ఎన్ని నిమిషాలు పడుతోందో కూడా చూడాలి. అరగంట పడుతుంటే మూడు గంటల టిఫిన్ వేళలో కాగితం మీద ఆరు రౌండ్లు వస్తాయి. నిజానికి జనం వచ్చేది ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర మధ్యే. అందుకే ఆరుకు బదులు మూడు వేసుకున్నాడు.

రోజుకు 37 వేలు

రెండో పేజీ ఖర్చులది. వీటిని రెండు కుప్పలుగా విడగొట్టాలి. అమ్మకంతో పాటు పెరిగేవి ఒక కుప్ప: సరుకు, గ్యాస్, ప్యాకింగ్, యాప్‌ల కమీషన్. ఇవి వంద రూపాయల అమ్మకంలో 44 అనుకుందాం. ఒక్క ఇడ్లీ అమ్మకపోయినా కట్టాల్సినవి రెండో కుప్ప: పద్దెనిమిది మంది జీతాలు 3 లక్షలు, అద్దె లక్షన్నర, దాని మీద జీఎస్టీ 27 వేలు, కరెంటు, సిబ్బంది వసతి, మరమ్మతులు, రవాణా కలిపి లక్షా 45 వేలు. మొత్తం 6 లక్షల 22 వేలు.

వందకు 56 రూపాయలు చేతిలో మిగులుతుంటే ఆ 6.22 లక్షలు పూడటానికి నెలకు 11 లక్షల 11 వేలు అమ్మాలి. అంటే రోజుకు 37 వేలు. ప్రతిపాదన మొత్తంలో యజమానులు గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఇదే. అనుకున్నట్టు 45 వేలు వస్తే నెలకు లక్షా 34 వేలు లాభం. అమ్మకం 20 శాతం తగ్గిందంటే మాత్రం నెలకు 17 వేలు నష్టం. లాభానికీ నష్టానికీ మధ్య ఉన్నది రోజుకు దాదాపు తొంభై మంది టిఫిన్ కస్టమర్లే.

అద్దె మీద జీఎస్టీని విడిగా చూపించడానికి కారణం ఉంది. మామూలు రెస్టారెంట్లు 2017 నవంబరు నుంచి 5 శాతం జీఎస్టీ వసూలు చేస్తున్నాయి కానీ, తాము కొన్న వాటి మీద కట్టిన పన్నును అందులోంచి తగ్గించుకునే వీలు లేదు. అద్దె మీద కట్టిన 18 శాతం, గ్రైండర్ల మీద కట్టిన పన్ను అన్నీ ఖర్చు కిందికే వస్తాయి. ఇంటి యజమానికి జీఎస్టీ నంబరు లేదు కాబట్టి ఆ పన్ను తప్పుతుందనుకోవడానికీ లేదు. 2024 అక్టోబరు 10 నుంచి అలాంటి అద్దె మీద పన్నును నంబరు ఉన్న అద్దెదారే కట్టాలి. కొటేషన్లలో ‘పన్నులు అదనం’ అని అడుగున చిన్న అక్షరాల్లో రాసేదాన్ని మర్చిపోయి పెట్టుబడి లెక్క వేసుకున్నవాళ్లు మధ్యలో అప్పు కోసం పరుగెత్తాల్సి వస్తుంది.

మరో ఖర్చు ఏ బిల్లులోనూ కనిపించదు. గవర్నర్‌పేటలో గల్లా దగ్గర పెద్దన్నయ్య, వంటింట్లో రెండో ఆయన ఉంటారు. వాళ్లకు జీతం లేదు కాబట్టే అక్కడి మిగులు అంత బాగుంది. మంగళగిరిలో ఆ రెండు పనులకూ జీతగాళ్లు కావాలి. పాత హోటల్ లాభం శాతాన్ని తెచ్చి కొత్తదానికి అతికించకూడదన్నది అందుకే.

పాత గల్లాలోంచి పోయేది

రోజూ నది దాటి వచ్చే కస్టమర్లు కొందరు ఇక రారు. ఎంతమందో తెలుసుకోవడానికి మేనేజరు వారం పాటు గల్లా దగ్గర ‘ఎక్కడి నుంచి వచ్చారండీ’ అని అడిగించి, గీతలు పెట్టించాడనుకుందాం. వంద బిల్లుల్లో నాలుగు అవతలి ఒడ్డువని తేలింది. అందులో సగం కొత్త బ్రాంచికి మళ్లితే పాత హోటల్లో నెలకు 60 వేల అమ్మకం, దాని మీద వచ్చే 34 వేల మిగులు పోతాయి. లక్షా 34 వేల లాభం ఇప్పుడు లక్ష అయింది. అన్నదమ్ములకు అసలు లాభం ఇది.

ఇక పెట్టుబడి. వంటింటి సామగ్రి పన్నుతో కలిపి 16.5 లక్షలు. ఇంటీరియర్, ప్లంబింగ్, కరెంటు పని, పొగ గొట్టాలకు మరో 16.5 లక్షలు. ఆరు నెలల అద్దె అడ్వాన్సు 9 లక్షలు. తెరిచేలోపు కట్టే అద్దె, శిక్షణలో ఉన్నవాళ్ల జీతాలు 6.5 లక్షలు. లైసెన్సులు, బోర్డు, ప్రారంభం లక్షన్నర. మొత్తం 50 లక్షలు. దీనికి తోడు మొదటి నెలల నష్టాన్ని పూడ్చడానికి 12 లక్షలు బ్యాంకులో ఉండాలి.

ఆ 12 లక్షలు ఎందుకంటే, మొదటి మూడు వారాల రద్దీ మోసం చేస్తుంది. కొత్త హోటల్ చూడ్డానికి ఊరంతా వస్తుంది, రెండో నెలలో పల్చబడుతుంది. రోజుకు 30 వేల దగ్గర నిలిచిందంటే నెలకు లక్షా 18 వేలు నష్టం. ఆరు నెలల్లో ఆరేడు లక్షలు కరుగుతాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న: డబ్బు ఎప్పుడు తిరిగొస్తుంది? వెనక్కి వచ్చే అడ్వాన్సు తీసేస్తే 41 లక్షలు, మొదట్లో పోయే 6 లక్షలు కలిపి 47. ఏడాదికి 12 లక్షల చొప్పున దాదాపు నాలుగేళ్లు, పుంజుకునే ఆరు నెలలు కలిపి నాలుగున్నరేళ్లు. ఈ అంకె నేరుగా అద్దె ఒప్పందాన్ని పట్టి లాగుతుంది. ఐదేళ్లకే లీజు రాసుకుంటే, ఖర్చు తీరి చేతికి నాలుగు రూపాయలు వచ్చే వేళకు ఇంటి యజమాని అద్దె పెంచమంటాడు, లేదా ఖాళీ చేయమంటాడు. అందుకే మేనేజరు తొమ్మిదేళ్ల లీజు అడగమంటాడు. అద్దె ఎప్పుడు ఎంత పెరగాలో ముందే రాయించాలి. ఏడాది దాటిన తర్వాత మూడు నెలల నోటీసుతో హోటల్ వైపు నుంచి వదిలి వెళ్లే వీలూ ఉండాలి. ఇంత కాలం లీజును రిజిస్టరు చేయించడం తప్పనిసరి.

సంక్రాంతి నుంచి శ్రావణం దాకా

చివరి పేజీ గడువులది. మంచి ప్రతిపాదనలో తేదీలతో పాటు ప్రతి దశ చివరా ఒక గుమ్మం ఉంటుంది. అది దాటితేనే తర్వాతి డబ్బు విడుదలవుతుంది.

మొదటి దశ సంక్రాంతి తర్వాత రెండు నెలలు. లీజు లేదు, కొనుగోళ్లు లేవు. సాంబారు, చట్నీలు, ఉప్మా కొలతలను గ్రాముల్లో రాయిస్తారు. ఇద్దరు జూనియర్లను దోసె పెనం ముందు నిలబెట్టి తయారు చేస్తారు. తర్వాత రెండు వారాల పాటు పెద్ద మాస్టర్, మేనేజరు ఇద్దరూ గవర్నర్‌పేటలో కాలు పెట్టరు. ఆ పక్షం రోజుల్లో సరుకు ఖర్చు ఒక్క శాతానికి మించి పెరగకపోతే, రుచి గురించి పాత కస్టమర్లు అడగకపోతే గుమ్మం దాటినట్టు. ఈ దశకు ఖర్చు లక్షన్నర.

రెండో దశ నాలుగు నెలలు. లీజు, వంటింటి పని, ఆహార భద్రతా లైసెన్సు, మంగళగిరి తాడేపల్లి నగరపాలక సంస్థ నుంచి ట్రేడ్ లైసెన్సు. పాత హోటల్ లైసెన్సు ఇక్కడ చెల్లదు. ఆహార లైసెన్సు చోటు చోటుకూ విడిగా తీసుకోవాలి. ఇడ్లీ, దోసె పిండి తెల్లవారుజామున పాత వంటింటి నుంచి వ్యానులో వస్తుంది కాబట్టి పెద్ద గ్రైండర్లు మళ్లీ కొననక్కర్లేదు. దీనికీ ఒక హద్దు ఉంది. ఎండాకాలంలో మధ్యాహ్నానికి పిండి పులిసిపోతుంది, కాబట్టి సాయంత్రానికి రెండో ట్రిప్పు కావాలి. సాంబారు, చట్నీలు అక్కడే చేసుకోవాలి.

ఆషాఢం వెళ్లాక శ్రావణంలో తెరుస్తారు. మొదటి నెల టిఫిన్లు మాత్రమే, రెండో నెల నుంచి భోజనం, వంటగది చేయి తిరిగాకే యాప్‌లు. తొలి వారాల్లో పడిన తక్కువ రేటింగ్ తర్వాత ఎంత బాగా వండినా త్వరగా పోదు. ఈ నెలల ఎంపికకూ కారణం ఉంది: కార్తీకంలో మాంసం మానేసేవాళ్లు వెజిటేరియన్ హోటళ్ల దారి పడతారు, అప్పటికి కొత్త వంటింటికి మూడు నెలల అనుభవం ఉంటుంది.

ఆ తర్వాత ఒక్క షరతు. ఆరు నెలలు గడిచాక వరసగా మూడు నెలలు రోజు సగటు 30 వేలు దాటకపోతే మూసివేత గురించి కూర్చుని మాట్లాడాలి. ఈ మాట హోటల్ తెరవకముందే, అందరూ ఉత్సాహంగా ఉన్నప్పుడే రాసి పెట్టుకోవాలి. నష్టం మొదలయ్యాక అన్నదమ్ముల్లో ఒకరు ‘ఇంకో నెల చూద్దాం’ అంటారు, ఆ నెల ఏడాది అవుతుంది.

ప్రతిపాదన అడుగున మేనేజరు తన సంగతి కూడా రాయాలి. కొత్త బ్రాంచికి తాను వెళ్తే పాతది ఎవరు చూస్తారు, లాభంలో తాను వాటా ఆశిస్తున్నాడా, ఎంత? ఇది దాచి మిగతా అంకెలన్నీ చూపితే యజమానులకు అనుమానం ఆ అంకెల మీదే మొదలవుతుంది.

అన్నదమ్ములు ముగ్గురూ ఆ నాలుగు పేజీలు చదివి సంతకం పెట్టాల్సింది 62 లక్షలకు కాదు. మొదటి దశకు కావాల్సిన లక్షన్నరకు, మేనేజరూ పెద్ద మాస్టరూ లేకుండా పాత హోటల్ నడపాల్సిన ఆ రెండు వారాలకు.