స్టాప్‌లాస్ ఎంత దూరంలో పెట్టాలి?

ఏ షేరు కొన్నా ఐదు శాతం కింద స్టాప్‌లాస్ పెట్టేయడం చాలామందికి అలవాటు. నెమ్మదిగా కదిలే షేరుకు అది మరీ దూరం, ఎగిరెగిరిపడే షేరుకు మరీ దగ్గర. షేరు రోజుకు సగటున ఎంత ఊగుతుందో చెప్పే కొలతను వెల్స్ వైల్డర్ 1978లో తన పుస్తకంలో ఇచ్చాడు. అదే ఏటీఆర్. ఆనాటి గరిష్ఠ, కనిష్ఠ ధరల తేడాతో పాటు నిన్నటి ముగింపు ధర నుంచి వచ్చిన గెంతునూ ఇది లెక్కలోకి తీసుకుంటుంది. మామూలుగా 14 రోజుల సగటు చూస్తారు.

మీ దగ్గర రెండు లక్షలున్నాయి, ఒక్కో కొనుగోలులో ఒక శాతం, అంటే 2,000 రూపాయలకు మించి పోగొట్టుకోకూడదు అనుకుందాం. రెండు షేర్లూ 500 రూపాయలే. మొదటిదాని ఏటీఆర్ 10, రెండోదానిది 25. ఏటీఆర్‌కు రెండింతల దూరంలో స్టాప్ పెడితే మొదటిదానికి 480, రెండోదానికి 450 వస్తుంది. 2,000ను ఆ దూరంతో భాగిస్తే మొదటిది 100 షేర్లు, రెండోది 40 మాత్రమే. స్టాప్ తగిలితే రెండింటిలోనూ నష్టం ఒకటే.

కొన్న తర్వాత ఏటీఆర్ పెరిగిందని స్టాప్‌ను కిందికి జరిపితే ఈ లెక్కంతా వృథా. పైగా ఏటీఆర్ జరిగిపోయిన రోజుల కొలత. చెడ్డ ఫలితాల మర్నాడు రెండో షేరు నేరుగా 430 దగ్గర మొదలైతే, 2,000 అనుకున్న నష్టం 2,800 అవుతుంది.