తొమ్మిది పేజీలు, ముప్పై రెండు లింకులు

కొత్తగా మిద్దెతోట మీద ఒక సైట్ పెడుతున్నారనుకుందాం. మొదటి విడతకు 9 పేజీలు చాలు. ‘మిద్దెతోట మొదలుపెట్టడం ఎలా’ అనేది ప్రధాన పేజీ, అంటే పిల్లర్. మిగతా 8 దాని పిల్ల పోస్టులు: కుండీల సైజు, మట్టి మిశ్రమం, వర్మీకంపోస్టు, టమాటా, వంగ, బెండ, పిండినల్లి, ఎండాకాలంలో నీళ్లు.

ప్రధాన పేజీని ముందే రాసేయాలనిపిస్తుంది. కానీ దాన్నుంచి లింకు ఇవ్వడానికి అప్పటికి పోస్టులే ఉండవు. అందుకే ముందు మూడు నాలుగు పిల్ల పోస్టులు పూర్తిచేసి, ఆ తర్వాత ప్రధాన పేజీ పెట్టడం నయం. మిగతావి వచ్చినకొద్దీ లింకులు చేర్చుకుంటూ పోవచ్చు.

ఇక లింకుల లెక్క. ప్రతి పేజీ నుంచి మిగిలిన ఎనిమిదింటికీ లింకు ఇస్తే 72 అవుతాయి. బెండ గురించి చదివే మనిషికి వంగ పోస్టుతో అవసరం ఉండదు కాబట్టి వాటిలో చాలావరకు దండగే. ప్రధాన పేజీ నుంచి కిందికి 8, కింది నుంచి పైకి 8, ప్రతి పిల్ల పోస్టు నుంచి నిజంగా సంబంధమున్న మరో రెండింటికి చొప్పున 16 వేస్తే మొత్తం 32. వంగకు పిండినల్లి పడుతుంది, ఆ రెంటికీ లింకు ఉండాల్సిందే. లింకు మీద మాటలు కూడా విషయాన్ని చెప్పాలి. ‘ఇక్కడ నొక్కండి’ అంటే చదివేవారికీ గూగుల్‌కీ ఏమీ తెలియదు.

```
<a href="/pindinalli">కుండీ మొక్కలకు పిండినల్లి పడితే</a>
```

అసలు చిక్కు వేరే చోట వస్తుంది. ప్రధాన పేజీ రాస్తూ రాస్తూ పిండినల్లి దగ్గర ఆగి, లక్షణాలు, వేపనూనె కొలత, పిచికారీ వేళ అన్నీ అక్కడే 600 పదాల్లో చెప్పేస్తాం. అప్పుడు ఒకే ప్రశ్నకు మన పేజీలే రెండు పోటీపడతాయి. కొత్త సైట్‌కు వచ్చే కాస్త గుర్తింపూ రెండుగా చీలిపోవచ్చు.

దీన్ని కనిపెట్టడం కష్టం కాదు. సెర్చ్ కన్సోల్‌లో Performance తెరిచి, ‘పిండినల్లి నివారణ’ అన్న ప్రశ్న మీద నొక్కి, Pages ట్యాబ్ చూడండి. ఒకే ప్రశ్నకు రెండు చిరునామాలు కనిపించినంత మాత్రాన కంగారు అక్కర్లేదు. ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకొకటి కనిపిస్తూ, రెండూ కిందికి జారుతుంటే మాత్రం పోటీ ఉన్నట్టే. సైట్ పెట్టిన మొదటి వారాల్లో ఈ పట్టికలో అంకెలు పెద్దగా ఉండకపోవచ్చు. అప్పుడు URL Inspection‌లో తొమ్మిది పేజీలూ ఇండెక్స్ అయ్యాయో లేదో చూసుకోవడం వరకే పని.

పోటీ ఉంటే ప్రధాన పేజీలోని ఆ 600 పదాలను 100కు కుదించాలి: తెల్లటి దూదిలాంటి మచ్చలు కనిపిస్తే అది పిండినల్లి అని గుర్తు చెప్పి, లింకు ఇచ్చి వదిలేయాలి. తీసేసిన వాటిలో పనికొచ్చేవి పిల్ల పోస్టులోకి చేరతాయి. పొరపాటున పిండినల్లి మీద రెండు పోస్టులు ఉంటే వాటిని ఒకటిగా కలిపి, తీసేసిన పోస్టు చిరునామా నుంచి ఉంచిన దానికి 301 రీడైరెక్ట్ పెట్టాలి. పాత చిరునామాకు వెళ్లే లింకులన్నిటినీ ఉంచిన చిరునామాకు మార్చాలి.