లిథియం వేసుకునేవారు ఉప్పు ఎందుకు మానకూడదు?

1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్, ఉన్మాదంతో ఊగిపోతున్న రోగులకు లిథియం లవణాలు ఇస్తే వారు కుదుటపడుతున్నారని ప్రకటించాడు. అదే ఏడాది అమెరికాలో, గుండెజబ్బుల వారికి ఉప్పుకు బదులుగా అమ్మిన లిథియం క్లోరైడ్ కొందరి ప్రాణాలు తీసింది. ఒకే పదార్థం మేలూ చేసింది, చంపిందీ. తేడా అంతా రక్తంలో అది ఎంత ఉందన్న దగ్గరే ఉంది.

మెదడు కణానికి బయటి నుంచి సంకేతం అందగానే కణం పొరలోని ఒక కొవ్వు పదార్థం విరిగి ‘ఐపీ3’ అనే చిన్న అణువు పుడుతుంది. అది కణంలో దాగి ఉన్న కాల్షియంను బయటికి వదిలి, కణాన్ని పనిలోకి దింపుతుంది. పని ముగిశాక ఐపీ3కి ఉన్న ఫాస్ఫేట్లు ఒక్కొక్కటే ఊడి, చివరికి ఇనోసిటాల్ మిగులుతుంది. దానితోనే కణం ఆ కొవ్వును మళ్లీ తయారుచేసుకుంటుంది. చివరి ఫాస్ఫేట్‌ను ఊడదీసే ఎంజైమును లిథియం ఆపుతుంది. అదీ ఆ ఎంజైము పనిలో ఉన్నప్పుడే పట్టుకుంటుంది. అందుకే అతిగా రెచ్చిపోయిన కణాల్లోనే ఇనోసిటాల్ ఎక్కువగా తరిగి, వాటి జోరు తగ్గుతుందని 1980లలో మైకేల్ బెరిడ్జ్ బృందం ప్రతిపాదించింది. నాకు ఇది చాలా అందమైన వివరణ. కానీ లిథియం వేరే ఎంజైములనూ అడ్డుకుంటుంది కాబట్టి కథంతా ఇదే అనలేం.

ఈ ఎంజైము పని సగానికి తగ్గాలంటే లీటరుకు సుమారు 0.8 మిల్లీమోల్ లిథియం కావాలి. దీర్ఘకాల చికిత్సలో రక్తంలో సాధారణంగా కోరుకునేది 0.6 నుంచి 0.8. 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి, వృద్ధుల్లో అంతకంటే ముందే రావచ్చు. ఇంత దగ్గర హద్దులున్న మందులు తక్కువ.

పైగా లిథియంను బయటికి పంపాల్సిన మూత్రపిండం దాన్ని సోడియంలాగే చూస్తుంది. మే నెల ఎండలో పొలం పని చేసే ఒక మనిషిని ఊహించండి. స్థాయి నిలకడగా 0.7. రెండు రోజులు విరేచనాలయ్యాయి, మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకున్నాడు. నీరూ ఉప్పూ తగ్గడంతో మూత్రపిండం సోడియంతోపాటు లిథియంనూ దాచుకుంటుంది. నొప్పి మాత్ర దాన్ని ఇంకా పెంచుతుంది. మాత్రల సంఖ్య మారకుండానే స్థాయి 1.6కు చేరవచ్చు. చేతుల సన్నని వణుకు కాస్తా గ్లాసు పట్టలేనంత అవుతుంది, మాట ముద్దగా వస్తుంది, నడక తూలుతుంది. ఇంట్లోవాళ్లు పాత జబ్బు తిరగబెట్టిందనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. అప్పుడు తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రక్తం ఇవ్వాల్సింది రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, ఉదయం మాత్రకు ముందు. మాత్ర వేసుకుని వెళితే అంకె తప్పుగా ఎక్కువ చూపుతుంది. మోతాదు మార్చిన వారానికి ఒకసారి, నిలకడపడ్డాక సాధారణంగా మూడు నెలలకోసారి పరీక్ష చేయిస్తారు. ఆరు నెలలకోసారి థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలూ ఉంటాయి. బీపీకో నొప్పికో ఏ మందు రాయించుకున్నా, లిథియం వాడుతున్నానని ముందే డాక్టరుకు చెప్పండి. బాగుంది కదా అని మాత్రం సొంతంగా ఆపేయకండి.